వారం ఎవరిది? ఒక పత్ర సారాంశం, వాక్యం వెంట వాక్యం

(గణపవరంలో స్మారకోపన్యాసం, అచ్చు ప్రతి)

ఈ సభ ఒక బడిపంతులు పేరిట జరుగుతోంది. పంతుళ్లలో రెండు రకాలుంటారు. ఒకరు తప్పు వాక్యాన్ని ఎర్రసిరాతో కొట్టేస్తారు. రెండోవారు దాన్ని కొట్టేయకుండా, పక్కనున్న ఖాళీలో ‘ఇది ఇక్కడెందుకుంది?’ అని రాసి పుస్తకం తిరిగి ఇచ్చేస్తారు. పిల్లవాడికి ఎక్కువ కష్టం రెండోవారి దగ్గరే. ఈ ఉపన్యాసం రెండోవారి పద్ధతిలో సాగుతుంది. దిద్దబోయేది మాత్రం పిల్లల వ్యాసం కాదు, విశ్వవిద్యాలయ సదస్సుకు పంపే పత్ర సారాంశం. పరిశోధక విద్యార్థులు ఆబ్‌స్ట్రాక్ట్ అనేది దీన్నే.

నగరీకరణ వల్ల ఆచారాల్లో వస్తున్న మార్పు మీద సదస్సు జరిగితే సారాంశాలు కుప్పలుగా వస్తాయి. వాటిలో చాలావాటికి మొదటి వాక్యం ఒకటే: భారతదేశం ఆచార సంప్రదాయాలకు పుట్టినిల్లు. రెండోదీ ఒకటే: పూర్వం పల్లెల్లో పండుగలు ఎంతో వైభవంగా జరిగేవి, నేడు నగర జీవితంలో అవి మారిపోతున్నాయి. చివరి వాక్యంలో ‘ఈ పత్రంలో చర్చించబడుతుంది’ అని ఉంటుంది. మధ్యలో ఊరి పేరు మార్చి ఆ సారాంశాన్నే బతుకమ్మకు పంపవచ్చు, గంగానమ్మకు పంపవచ్చు, పెళ్లి మేళానికి కూడా పంపవచ్చు. ఏ ఊరికైనా అతికే సారాంశంలో ఏ ఊరి సంగతీ ఉండదు.

అందుకని ఒక్క పండుగను, అందులోనూ ఒక్క అంశాన్ని తీసుకుని నమూనా సారాంశం తయారు చేసి చూడటం మేలు. పండుగ హైదరాబాద్ బోనాలు. అంశం, ఆ పండుగ ఏ వారం జరుగుతుందన్నది. కొల్లేటి వైపు బోనాల ఆనవాయితీ లేదు గదా అని సభలో ఎవరికైనా అనిపించవచ్చు. నిజమే. కానీ ఈ చుట్టుపక్కల నుంచి ఉద్యోగాలకు వెళ్లి హైదరాబాద్‌లో స్థిరపడని కుటుంబం వెతికితే గాని దొరకదు. అలా వెళ్లినవారంతా ఆషాఢంలో ఆ ఘటాల ఊరేగింపులకు దారి ఇచ్చి ఆగినవారే. పైగా వారం అనేది లెక్కకు దొరికే వస్తువు. భక్తి తగ్గిందా పెరిగిందా అన్నదాన్ని కొలవడం కష్టం. గురువారమా ఆదివారమా అన్నది క్యాలెండరు చెబుతుంది.

సదస్సులవారు సాధారణంగా ఇంగ్లీషులో 200 నుంచి 300 పదాలు అడుగుతారు. తెలుగులో విభక్తులు మాటకే అంటుకుంటాయి కాబట్టి అదే విషయం ఇంకా తక్కువ మాటల్లో ఒదుగుతుంది. నమూనా ఇది. వాక్యాలకు అంకెలు వేసింది వివరణ కోసమే; సదస్సుకు పంపేటప్పుడు అవి ఉండవు.

వారం ఎవరిది? హైదరాబాద్ బోనాల్లో ఆచారం, సెలవు

(1) హైదరాబాద్, సికింద్రాబాద్ నగరాల్లో ఆషాఢ మాసపు బోనాలకు జనం ఎక్కువగా వచ్చే రోజులు ఆదివారాలు. (2) నగరంలో ఆచారం ఉద్యోగపు వేళలకు ఒదుగుతుందన్న వివరణ దీనికి సులువుగా అతుకుతుంది; మద్రాసు పారిశ్రామికవేత్తల ఇళ్లలో పూజలు కుదించుకున్న తీరును మిల్టన్ సింగర్ 1972 నాటి గ్రంథంలో చూపారు. (3) అయితే ఆ పరిశీలన ఇంటి పూజకు సంబంధించినది; వీధిలో వేలమంది కలిసి చేసే అమ్మవారి పండుగ తన వారాన్ని ఎలా ఎంచుకుంటుందన్నది వేరే ప్రశ్న. (4) బోనాల రోజును నిర్ణయిస్తున్నది సెలవా, ఆనవాయితీయా అని ఈ పత్రం అడుగుతుంది. (5) గోల్కొండ, సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి, లాల్ దర్వాజ సింహవాహిని మహంకాళి ఆలయాల 2023, 2024, 2025 పండుగ తేదీలను పంచాంగంతోనూ ప్రభుత్వ సెలవుల జాబితాతోనూ పోల్చి చూసింది. (6) సికింద్రాబాద్, లాల్ దర్వాజ బోనాలు మూడేళ్లూ ఆదివారమే జరిగాయి; గోల్కొండ తొలి బోనం రెండేళ్లు గురువారం, ఒక ఏడు ఆదివారం పడింది; లాల్ దర్వాజ బోనాల మరునాటి సోమవారం మూడేళ్లూ ప్రభుత్వ సెలవు. (7) సెలవే ఆచారాన్ని నడిపిస్తోందన్న వివరణ గోల్కొండ గురువారానికి పొసగదని, సోమవారం విషయంలో సెలవే ఆచారం వెంట నడిచిందని పత్రం వాదిస్తుంది. (8) ఆదివారం ఎప్పటి నుంచి స్థిరపడిందో ఈ మూడేళ్ల తేదీలు చెప్పలేవు; అందుకు శుక్రవారం వారపు సెలవుగా ఉన్న నిజాం కాలపు ఆధారాలను చూడవలసి ఉంది.

ఎనిమిది వాక్యాలే. ఇక ఒక్కొక్కటి ఎందుకుందో చూడవచ్చు.

మొదటి వాక్యం కళ్లకు కనపడే విషయం చెబుతుంది. అందులో దేశ చరిత్ర లేదు, సంస్కృతి నిర్వచనం లేదు, ‘పూర్వం’ అన్న మాట అసలే లేదు. ‘పూర్వం’కు తేదీ లేదు. తేదీ లేని కాలంతో దేన్నీ పోల్చలేం. అలా రాసే విద్యార్థి తన తాతగారి బాల్యాన్ని మనసులో పెట్టుకుని రాస్తాడు. చదివేవారు కాకతీయుల కాలం అనుకోవచ్చు.

మరొక మాట కూడా ఈ వాక్యంలో లేకుండా చూడవలసి వచ్చింది. తొలి చిత్తు ప్రతి ఎవరు రాసినా ‘పల్లె నుంచి నగరానికి వచ్చిన బోనాలు’ అని మొదలుపెట్టే ప్రమాదం ఉంది. సికింద్రాబాద్ 1806లో ఇంగ్లీషు దండు చుట్టూ ఏర్పడిన ఊరు. ఉజ్జయిని మహంకాళి ఆలయం గురించి అక్కడ చెప్పుకునే కథ 1813 నాటి కలరాతో మొదలవుతుంది. సైన్యంతో ఉజ్జయిని వెళ్లిన డోలీ బేరర్ సురటి అప్పయ్య, జబ్బు తగ్గితే అమ్మవారిని తమ ఊళ్లో నిలుపుతానని మొక్కుకుని, 1815లో తిరిగి వచ్చి కొయ్య విగ్రహం ప్రతిష్ఠించాడని ఆ కథ. అంటే ఆలయం తనకు తాను చెప్పుకునే కథలోనే పల్లె లేదు. దండు ఉంది, జీతానికి పనిచేసే మనిషి ఉన్నాడు, పట్టణపు అంటురోగం ఉంది. ఆ పండుగ ఇంచుమించు ఆ ఊరంత వయసుది. గోల్కొండ సంగతీ అంతే, అది కోట ఉన్న రాజధాని. కాబట్టి ‘పల్లె ఆచారాన్ని నగరం మార్చింది’ అన్న చట్రంలో ఈ పండుగను బిగిస్తే మొదటి వాక్యమే తప్పవుతుంది. ఇంత చక్కని అప్పయ్య కథ సారాంశంలో ఎందుకు లేదని అడగవచ్చు. అడుగుతున్న ప్రశ్న వారం గురించి. కథ ఆలయం పుట్టుక గురించి. దానికి చోటు పత్రంలో ఉంటుంది, సారాంశంలో ఉండదు.

రెండో వాక్యం ఎదుటివాడి మాటను, అదీ బలంగా ఉన్నప్పటి మాటను చెబుతుంది. మిల్టన్ సింగర్ అమెరికన్ మానవశాస్త్రవేత్త. మద్రాసులో ఫ్యాక్టరీలు నడిపేవారు ఇంటికీ ఆఫీసుకూ మధ్య గీత గీసుకుని, పూజా సమయాన్ని తగ్గించుకుని, కొన్ని విధులను భార్యకో పురోహితుడికో అప్పగించి ఎలా సర్దుకున్నారో ఆయన చూశారు. ఆ పరిశీలన గట్టిదే. దాన్ని కాదనకుండా, దాని హద్దు చూపడం ఈ సారాంశం చేసే పని. చాలామంది ఇక్కడ ఐదారు పేర్లు దండగుచ్చుతారు. శ్రీనివాస్ సంస్కృతీకరణ, ఇంకా ఎవరెవరివో సిద్ధాంతాలు వరసగా నిలబెడతారు. వాటిలో తరువాతి వాక్యాలకు పనికొచ్చే పేరు ఎంతసేపు వెతికినా కనపడదు. ఒక్క పేరు చాలు, కానీ ఆ పేరుతో పత్రానికి నిజంగా పేచీ ఉండాలి.

మూడో వాక్యం ‘అయితే’తో మొదలవుతుంది. సారాంశానికి ఇరుసు ఇదే. ‘ఈ అంశం మీద ఇంతవరకు పరిశోధన జరగలేదు’ అనే వాక్యం ఈ చోటులోనే ఎక్కువగా కనిపిస్తుంది. అది ప్రమాదకరం, ఎందుకంటే దాదాపు ఎప్పుడూ అబద్ధమే. తిరుపతి గంగమ్మ జాతర మీద జాయిస్ ఫ్లూకిగర్ 2013లో పుస్తకమే తెచ్చారు. మద్రాసులో అమ్మవారి గుళ్లు మధ్యతరగతి చేతుల్లోకి వెళ్లిన తీరు మీద జోన్ వాఘోర్న్ 2004లో రాశారు. ఈ రెండూ చదివినవారు సదస్సు సమితిలో ఉంటే ఆ ఒక్క వాక్యంతో పత్రం పక్కకు పోతుంది. అందుకే నమూనాలో ‘ఎవరూ చూడలేదు’ అని లేదు, ‘అది వేరే ప్రశ్న’ అని ఉంది. ఇంటి పూజలో వేళ మార్చుకోవాలంటే ఆ ఇంటి పెద్ద ఒప్పుకుంటే చాలు. వీధి పండుగలో వారం మార్చాలంటే కుమ్మరి, పోతరాజు, డప్పులవారు, ఘటం ఎత్తేవారు, రంగం చెప్పే ఆమె, చందాలు వేసే ఇళ్లు అన్నీ ఒప్పుకోవాలి. ఈ తేడా ఉంది కాబట్టే ప్రశ్న నిలబడుతుంది.

నాలుగో వాక్యం ఆ ప్రశ్న. చిన్నదిగా ఉండాలి, రెండు జవాబులకూ తలుపు తెరిచి ఉండాలి. ‘నగరీకరణ ప్రభావాన్ని పరిశీలిస్తుంది’ అని రాస్తే ఓడిపోయే అవకాశమే లేదు. ప్రభావం ఏదో ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ‘సెలవా, ఆనవాయితీయా’ అంటే తేదీలు చూసిన తరువాత ఒక పక్షం ఓడిపోవచ్చు. అమెరికాలోని తెలుగువారిని చూస్తే ఈ రెంటి తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. సంఘం వారి ఉగాది వేడుక హాలు దొరికిన శనివారానికి జరుగుతుంది. ఇంట్లో ఉగాది పచ్చడి మాత్రం పాడ్యమి నాడే కలుపుతారు. ఒకే కుటుంబం ఒకే పండుగను రెండు క్యాలెండర్లతో చేసుకుంటుంది. మరి హైదరాబాద్‌లో బోనాలు ఏ క్యాలెండరు మీద నడుస్తున్నాయన్నదే ఆ చిన్న వాక్యంలోని సందేహం.

ఐదో వాక్యం ఏం చూశారో చెబుతుంది: ఎన్ని చోట్లు, ఎన్ని ఏళ్లు, దేనితో పోల్చారు. ‘క్షేత్ర పర్యటన ద్వారా సమాచారం సేకరించబడింది’ అన్నదానిలో ఈ మూడూ ఉండవు. చదివేవారు కావాలంటే తాము కూడా పంచాంగం తెరిచి సరిచూసుకోగలగాలి. ఈ ఉపన్యాసం వింటున్నవారు ఇప్పుడే ఆ పని చేయవచ్చు.

2023లో ఆషాఢం జూన్ 19న, సోమవారం మొదలైంది. గోల్కొండ తొలి బోనం జూన్ 22న, గురువారం. సికింద్రాబాద్‌లో జూలై 9, లాల్ దర్వాజలో జూలై 16, రెండూ ఆదివారాలు. 2024లో ఆషాఢం జూలై 6న, శనివారం మొదలైంది. గోల్కొండ బోనం మరునాడే, జూలై 7 ఆదివారం. సికింద్రాబాద్ 21న, లాల్ దర్వాజ 28న. 2025లో ఆషాఢం మొదటి రోజే గురువారం, జూన్ 26. గోల్కొండ బోనమూ ఆ రోజే. సికింద్రాబాద్ జూలై 13, లాల్ దర్వాజ జూలై 20.

ఈ తొమ్మిది తేదీలను వరసగా పెట్టి చూస్తే గోల్కొండ సూత్రం దానంతటదే బయటపడుతుంది. ఆషాఢం వచ్చాక గురువారం, ఆదివారాల్లో ఏది ముందొస్తే అదే తొలి రోజు. సోమవారం మొదలైన ఏడు గురువారం, శనివారం మొదలైన ఏడు ఆదివారం, గురువారం మొదలైన ఏడు అదే రోజు. సెలవు ఉందా లేదా అన్న ఆలోచన ఆ సూత్రంలో లేదు.

ఆరో వాక్యం ఈ ఫలితాన్ని చెబుతుంది. ఈ వాక్యం లేకుండా సదస్సులకు వచ్చే సారాంశాలే ఎక్కువ. ఫలితం ముందే చెబితే పత్రం చదివేటప్పుడు ఆసక్తి పోతుందని విద్యార్థుల భయం. ఇది డిటెక్టివ్ నవల కాదు. సమితివారికి కావలసింది, ఈ మనిషికి నిజంగా ఏదైనా దొరికిందా అన్నది తేల్చుకోవడమే. ఆరో వాక్యంలో ‘ఎక్కువగా’, ‘క్రమంగా’, ‘గణనీయంగా’ అన్న మాటలు లేవని గమనించాలి. మూడేళ్లూ, రెండేళ్లు, ఒక ఏడు అని ఉంది. తనకు ఎదురు తిరిగే సంగతిని కూడా ఆ వాక్యం దాచలేదు. మూడింట రెండు ఆలయాల్లో అన్ని తేదీలూ ఆదివారాలే. సెలవు పక్షానికి అది బలమే.

ఏడో వాక్యం వాదం. ‘కాబట్టి’ అనే చోటు ఇది, జారిపడే చోటు కూడా ఇదే. నగరంలో ఒక మార్పు కనిపించింది, కాబట్టి కారణం నగరం అనడం తేలిక. ఈ ప్రాంతం నుంచే దీనికి ఉదాహరణ ఉంది. చాలా ఊళ్లలో అమ్మవారికి జంతుబలి స్థానంలో గుమ్మడికాయ వచ్చింది. విద్యార్థి దాన్ని పట్టణపు నాగరికత ప్రభావం అని రాస్తాడు. కానీ కోస్తా జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడే, 1950లో, దేవాలయాల్లో జంతువులను, పక్షులను బలి ఇవ్వడాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. గుమ్మడికాయ వచ్చింది పట్టణం పెరగడం వల్లనా, చట్టం వల్లనా, పోలీసు వచ్చి నిలబడటం వల్లనా? మూడూ ఒకే కాలంలో జరిగితే కంటికి కనపడే మార్పు ఒకటే ఉంటుంది. వేరు చేయాలంటే చట్టం ఉండి పట్టణం లేని ఊరిని చూడాలి. పట్టణం ఉండి చట్టం ఆలస్యంగా వచ్చిన ఊరినీ చూడాలి.

బోనాల నమూనాలో అలా వేరు చేసే పని సోమవారం చేస్తుంది. ఆదివారం బోనం సమర్పించడంతో పండుగ అయిపోదు. సికింద్రాబాద్‌లో మరునాడు రంగం జరుగుతుంది. ఒక స్త్రీ పచ్చికుండ మీద నిలబడి రాబోయే ఏడాది వానలు, పంటలు, రోగాల గురించి చెబుతుంది. పాతబస్తీలో ఆ సోమవారం ఏనుగు మీద ఘటం ఊరేగుతుంది. అక్కన్న మాదన్న ఆలయం నుంచి బయలుదేరి నయాపూల్ దగ్గర మూసీకి చేరుతుంది. సెలవు కోసమే పండుగ జరుగుతుంటే ఈ రెండో రోజు కార్యక్రమమంతా ఆదివారం సాయంత్రానికే ముగించేవారు. అలా చేయలేదు. 2014లో తెలంగాణ ప్రభుత్వం బోనాలను రాష్ట్ర పండుగగా ప్రకటించింది. 2023 జూలై 17, 2024 జూలై 29, 2025 జూలై 21 సెలవుల జాబితాలో ఉన్నాయి. మూడూ లాల్ దర్వాజ బోనాల మరునాటి సోమవారాలే. అంటే ఇక్కడ ఆఫీసే పండుగకు దారి ఇచ్చింది.

అయినా ఏడో వాక్యం ‘సెలవుకు సంబంధమే లేదు’ అనలేదు. గురువారానికి పొసగదు అంది, సోమవారం విషయంలో అని హద్దు గీసింది. ఆదివారాల గురించి తీర్పు చెప్పలేదు. తేదీలు ఎంతవరకు మోయగలవో వాదం అంతవరకే వెళ్లింది.

ఎనిమిదో వాక్యం తన కొరతను తానే చెబుతుంది. కొరత చెప్పడం వినయం కోసం కాదు, రాబోయే పరీక్షకు చోటు చూపడానికి. ఆదివారానికి రెండు వివరణలున్నాయి. గ్రామదేవతలకు ఆదివారం మొదటినుంచీ ఇష్టమైన వారమని ఒకటి. ఇంగ్లీషువారి వారపు సెలవు ఆదివారం కావడం వల్ల పండుగ అటు జరిగిందని రెండోది. ఈ రెంటినీ ఇప్పటి పల్లెలను చూసి తేల్చుదామంటే కుదరదు. కొల్లేటికోట పెద్దింట్లమ్మ దగ్గర ఆదివారం జనం కిటకిటలాడతారు. కానీ ఆ వచ్చేవారిలో ఏలూరు, కైకలూరు, భీమవరం ఉద్యోగులు, దుకాణాలవారు ఎంతమందో! లంకలోని గుడి కూడా ఇప్పుడు పట్నపు సెలవు మీద నడిచే గుడే.

తేల్చగలిగిన చోటు హైదరాబాదే, కానీ పాత హైదరాబాద్. నిజాం పాలనలో కచేరీలకు వారపు సెలవు శుక్రవారం. మూసీకి అవతల సికింద్రాబాద్ దండులో ఆదివారం. రెండు ఊళ్లు, ఒకే అమ్మవారు, వేర్వేరు సెలవులు. ఇంతకన్నా మంచి తూకం పరిశోధకుడికి దొరకదు. 1948కి ముందు లాల్ దర్వాజలోనూ బోనాలు ఆదివారమే జరిగాయని ఒక్క కరపత్రమో, పత్రికలో ఒక వార్తో, ఆలయపు లెక్కల పుస్తకమో దొరికితే, సెలవు వివరణ అక్కడితో కూలిపోతుంది. శుక్రవారం జరిగినట్టు దొరికితే ఆ వివరణే బలపడుతుంది. గ్రామదేవతల మీద ఎల్మోర్ 1915లో, హెన్రీ వైట్‌హెడ్ 1916లో వేసిన పుస్తకాలు ఉన్నాయి. వాటిని వారాల కోసమే మళ్లీ ఒకసారి తిరగేయాలి.

శీర్షిక గురించి చివరగా. ‘వారం ఎవరిది?’ అన్నది పిలుపు. రెండో సగంలో ఊరు, పండుగ, పోల్చే రెండు వస్తువులు ఉన్నాయి. ‘నగరీకరణ’ అన్న మాట శీర్షికలోగాని ఎనిమిది వాక్యాల్లోగాని లేదు. సదస్సు పేరులో అది ఎలాగూ ఉంది.

ఇదే అస్థిపంజరాన్ని ఇంటికి దగ్గరగా తెచ్చుకుందామని గణపవరం నుంచి ఒక విద్యార్థి బయలుదేరాడనుకుందాం. ఏలూరు గంగానమ్మ జాతర చేతికందే దూరంలో ఉంది. మొదటి నాలుగు వాక్యాలు కొద్ది మార్పులతో నిలుస్తాయి. ఐదో వాక్యం దగ్గర ఆగిపోతాడు. ఆ జాతర ఏడేళ్లకోసారి వస్తుంది. మూడేళ్ల తేదీలు అంటే అతనికి ఒక జాతర దొరకవచ్చు, అసలు దొరకకపోవచ్చు. మూడు జాతరలు పోల్చాలంటే మొదటిదానికీ మూడోదానికీ మధ్య 14 ఏళ్లు గడుస్తాయి. ఈలోపు రోడ్లు వెడల్పయి ఉంటాయి, కమిటీలో మనుషులు మారి ఉంటారు, పందిరి వేసే స్థలం ఒక అపార్టుమెంటు కింద పడి ఉండవచ్చు. అందువల్ల అతను వారాన్ని వదిలి స్థలాన్ని పట్టుకోవడం మంచిది. ఏ జాతరకు పందిరి రాట ఎక్కడ పాతారు, ఊరేగింపు ఏ వీధుల గుండా వెళ్లింది, ఏ వీధి దారి నుంచి తప్పుకుంది అన్నవి అడగాలి. పాత కరపత్రాలు, చందా రసీదు పుస్తకాలు, ఫొటోల వెనక రాసిన తేదీలు అందుకు ఆధారాలు. అవి ఎక్కువగా బీరువాల్లో పెళ్లి శుభలేఖల కట్టల మధ్య ఉంటాయి. అవి చేతికి వచ్చేదాకా అతని సారాంశంలో ఆరో వాక్యం చోటు ఖాళీగానే ఉంచాలి.